జయంతుల పట్టిక: తేదీలూ ఇంటిపేర్లూ ఒక దారికి వచ్చిన తీరు

మా ఊరి గ్రంథాలయంలో ప్రముఖుల జయంతులను ఏడాది పొడవునా జరుపుతారు. ఫోటోకు దండ వేస్తారు, పిల్లల చేత నాలుగు మాటలు మాట్లాడిస్తారు. దీనికోసం గోడకు తగిలించే పట్టిక ఒకటి కావాలని నిర్వాహకులు అడిగారు. పట్టికకు రెండు భాగాలు ఉండాలి. మొదటిది జనవరి నుంచి డిసెంబరు వరకు తేదీల వరుస. రెండోది పేరు పట్టుకుని వెతకడానికి అకారాది వరుస. ఇంచుమించు 140 పేర్లు.

సమాచారం మూడు చోట్ల నుంచి వచ్చింది. గ్రంథాలయ సంఘంలోని రిటైర్డ్ తెలుగు మాస్టారు తన నోటుపుస్తకంలోని జాబితాను మనవడి చేత టైపు చేయించారు. డల్లాస్‌లో ఉంటున్న మా ఊరి ఆయన ఒకరు అక్కడి తెలుగువాళ్లు వాడుకునే ఇంగ్లీషు జాబితాను తెలుగులో రాసి పంపారు. మిగిలినది ఒక పుస్తకం చివరి అనుబంధం నుంచి ఎత్తి రాసింది. ఈ మూడింటినీ వాట్సాప్ నుంచి ఒకదాని కింద ఒకటి అతికించి, తేదీ వరుసలో పేర్చిన ఎక్సెల్ ఫైలు నా దగ్గరకు వచ్చింది. "అంతా అయిపోయింది, కొంచెం సర్దితే చాలు" అన్నారు నిర్వాహకులు.

తెరిచి చూస్తే ఎన్.టి. రామారావు 2023లో పుట్టారు. మాడపాటి హనుమంతరావు 1985లో పుట్టారు. ఘంటసాల జయంతి ఏప్రిల్‌లోకి వచ్చి కూర్చుంది. కందుకూరి, గురజాడ, గిడుగు అందరూ వరుస తప్పి అడుగున ఒక గుంపుగా చేరారు.

ఆ ఫైలును సర్దడం కుదరదని చెప్పి, వాట్సాప్ సందేశాలనే మళ్లీ పంపమన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఎక్సెల్ ఏం చేసిందో చెప్పాలి.

తేదీలా కనిపించేది ఏది అతికించినా ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా ఉంచదు, లోపల ఒక సంఖ్యగా మార్చుకుంటుంది. 1900 జనవరి 1ని ఒకటిగా తీసుకుని అక్కడి నుంచి రోజులు లెక్కిస్తుంది. ఆ లెక్కలో 1947 ఆగస్టు 15 అంటే 17394. మన కళ్లకు కనిపించే 15-08-1947 ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా మాత్రమే. రోజు ముందో నెల ముందో తేల్చడానికి అది కంప్యూటర్‌లోని ప్రాంతీయ అమరికను చూస్తుంది. మన దగ్గర అది భారత్ అని ఉంటుంది కాబట్టి రోజునే ముందు తీసుకుంటుంది.

డల్లాస్ జాబితాలో నెల ముందు ఉంది. అందులో దాశరథి కృష్ణమాచార్య తేదీ 07/22/1925. ఇరవై రెండో నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక, గడిలో ఎడమ అంచుకు ఆనించి అక్షరాలుగానే వదిలేసింది. పి.వి. నరసింహారావు 06/28/1921 కూడా అంతే. ఘంటసాలది 12/04/1922, అంటే డిసెంబరు 4. అది మాత్రం ఎక్సెల్‌కు ఏప్రిల్ 12గా చక్కగా అర్థమైంది. భానుమతిది 09/07/1925, సెప్టెంబరు 7. అదీ జులై 9 అయిపోయింది. అంటే ఒకే జాబితాలో కుడి అంచుకు ఆని పద్ధతిగా కనిపించేవి దాదాపు అన్నీ తప్పులు, ఎడమన వేలాడుతూ చెడిపోయినట్టు కనిపించేవి ఒప్పులు. చూపుకు సరిగ్గా ఉన్నవాటిని నమ్మి మిగతావాటిని దిద్దబోయేవాళ్లు తప్పుల్ని అలాగే మిగిల్చేస్తారు.

అడుగున గుంపుగా చేరినవాళ్ల సంగతి మరొకటి. 1900కి ముందు ఎక్సెల్‌కు కాలమే లేదు. 1848, 1862, 1863 అని నాలుగంకెలతో ఉన్న తేదీలను ఎలా రాసినా అక్షరాలుగానే ఉంచుతుంది. ఆరోహణ క్రమంలో పేర్చితే సంఖ్యలు ముందు, అక్షరాలు తర్వాత వస్తాయి. అందుకే పంతొమ్మిదో శతాబ్దం వాళ్లంతా ఇరవయ్యో శతాబ్దం వాళ్ల కిందకు చేరారు. ఇక రెండంకెల సంవత్సరాలకు ఎక్సెల్ సూత్రం ఇది: 00 నుంచి 29 వరకు ఉంటే 2000ల్లోకి, 30 నుంచి 99 వరకు ఉంటే 1900ల్లోకి. మాస్టారు 28-5-23 అని రాస్తే 2023 అయింది, 22-1-85 అని రాస్తే 1985 అయింది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం పేర్చడం వల్ల జరిగింది. 12/04/1922 అన్న ఒక్క ముక్కను చేతికిచ్చి ఇది ఏప్రిలా డిసెంబరా అంటే ఎవరూ చెప్పలేరు. దాని పక్కనే 07/22/1925, 06/28/1921 ఉన్నప్పుడు, అవన్నీ ఒకే చేతి రాతలైనప్పుడు చెప్పగలం. తేదీ పద్ధతి వరుసకు చెందినది కాదు, అది వచ్చిన జాబితాకు చెందినది. మూడు జాబితాలనూ కలిపి పేర్చగానే ఏ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే ఆనవాలు చెరిగిపోయింది. అందుకే మొదటి సందేశాలు అడిగాను.

సందేశాలు వచ్చాక కొత్త షీటులో మొదటి నాలుగు నిలువు వరుసలకు ఈ పనులు అప్పగించాను. A వరుస సంఖ్య, B మూలం, C పేరు అతికించింది అతికించినట్టే, D తేదీ అతికించింది అతికించినట్టే. C, D వరుసలను అతికించక ముందే ఎంచుకుని వాటి రూపాన్ని Text అని మార్చాను. ఈ క్రమం ముఖ్యం. అతికించిన తర్వాత Text అని మారిస్తే గడిలో 17394 లాంటి సంఖ్య బయటపడుతుంది తప్ప మొదటి రాత తిరిగి రాదు. మూలం గడిలో మాస్టారికి 1, డల్లాస్‌కు 2, పుస్తకానికి 3 వేశాను. A, C, D వరుసలను చివరి దాకా ముట్టుకోలేదు. దిద్దుబాట్లన్నీ పక్కన కొత్త వరుసల్లోనే.

ఎక్సెల్ తేదీలను పూర్తిగా వదిలేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను. మనకు కావలసింది నెల, రోజు, సంవత్సరం అనే మూడు మామూలు సంఖ్యలు. వాటికి 1900 అడ్డు లేదు, ప్రాంతీయ అమరికతో పని లేదు. పైగా జయంతుల క్యాలెండరుకు అసలు తేదీ వరుసే పనికిరాదు. తేదీగా పేర్చితే సంవత్సరం ప్రకారం వస్తుంది. మనకు కావలసింది ఏ ఏడాది పుట్టినా సరే, జనవరిలో పుట్టినవాళ్లు ముందు రావడం.

ముందు తేదీల్లోని కామాలు, చుక్కలు, అడ్డగీతలు, ఖాళీలు అన్నిటినీ ఒకే గుర్తుగా మార్చాను.

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(TRIM(SUBSTITUTE(D2,","," ")),".","/"),"-","/")," ","/")
```

దాని ఫలితాన్ని విలువలుగా మరో వరుసలో అతికించి, Text to Columns లో / గుర్తు దగ్గర విడదీస్తే మూడు ముక్కలు మూడు గడుల్లో పడ్డాయి. అవి E, F, G అనుకుందాం. పుస్తకం జాబితాలో తేదీలు "1862 సెప్టెంబర్ 21" అన్న పద్ధతిలో ఉన్నాయి కాబట్టి వాటి నెల F లో మాటగా వచ్చింది. నెలల పేర్లను అంకెలుగా మార్చేటప్పుడు సెప్టెంబర్, సెప్టెంబరు అనే రెండు రూపాలూ ఉన్నాయి కనుక సెప్టెం* అని వెతికి 9 పెట్టాను. నక్షత్రం గుర్తు మిగతా అక్షరాలు ఏవైనా సరే అంటుంది. జూన్, జూలై దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. జూ* అని వెతికితే రెండూ ఒకటే నెల అయిపోతాయి. జూన* వేరుగా, జూల* వేరుగా, జులై అని రాసేవాళ్ల కోసం జుల* వేరుగా మార్చాలి.

ఇక మూలాన్ని బట్టి ముక్కలను సరైన గడిలో పెట్టడమే. H రోజు, I నెల, J సంవత్సరం.

```
H2:  =IF(B2=2,F2,IF(B2=3,G2,E2))
I2:  =IF(B2=2,E2,F2)
J2:  =IF(B2=3,E2,G2)
```

ఈ సూత్రాలు రెండో మూలంలో ప్రతి వరుసకూ నెలే ముందుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. ఆ నమ్మకాన్ని పరీక్షించడం తేలికే. రెండో మూలంలో మొదటి ముక్క 12 దాటినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే సున్నా రావాలి.

```
=COUNTIFS(B:B,2,E:E,">12")
```

సున్నా రాలేదు, ఒకటి వచ్చింది. డల్లాస్ జాబితా చివర్లో 28/05/1923 అని ఉంది. ఆ ఒక్కటీ సరిచేసి ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ ఒక వరుస రోజు ముందు పెట్టుకుని ఉందంటే దాని చుట్టుపక్కల వాళ్లను కూడా అనుమానించాలి. పంపిన ఆయనకు ఫోను చేసి అడిగితే, "ఆ చివరి అరడజను పేర్లు ఇంగ్లీషు జాబితాలో లేవండీ. ఇండియా నుంచి మా అన్నయ్య పంపితే కింద కలిపాను" అన్నారు. వాటికి మూలం 4 వేశాను. సూత్రాల్లో 2, 3 తప్ప మిగతా మూలాలన్నీ రోజు ముందు పద్ధతిలోకే వెళతాయి కనుక ఇంకేమీ మార్చనవసరం లేకపోయింది.

ఒకే మనిషి రెండు జాబితాల్లో ఉండటం మామూలుగా చికాకు. ఇక్కడ మాత్రం అదే సాక్ష్యం. ఘంటసాల మాస్టారి జాబితాలో 4-12-22గా ఉన్నారు, డల్లాస్ జాబితాలో 12/04/1922గా ఉన్నారు. ఒకటి రోజు ముందు, ఇంకొకటి నెల ముందు అని తీసుకుంటేనే రెండూ డిసెంబరు 4 దగ్గర కలుస్తాయి. అందుకే జంట పేర్లను మొదట్లోనే తీసేయకుండా, తేదీలు తేలే దాకా ఉంచుకున్నాను. కొన్ని తేదీలకు ఏ పరీక్షా అక్కర్లేదు. కాళోజీ నారాయణరావు 09/09/1914ను ఎటు నుంచి చదివినా ఒకటే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 05-09-1888 చూసి ఎవరూ మే 9 అనుకోరు, ఉపాధ్యాయ దినోత్సవం అందరికీ తెలుసు. అల్లూరి సీతారామరాజు డల్లాస్ జాబితాలో 07/04/1897గా ఉన్నారు. జులై 4 అమెరికా స్వాతంత్ర్య దినం, అక్కడివాళ్లు మరిచిపోగలిగిన తేదీ కాదు.

తేలనిది ఒకటే. సి.పి. బ్రౌన్ పేరు ఏ జాబితాలోనూ లేక, ఎవరో తర్వాత విడిగా "బ్రౌన్ దొర 10/11/1798" అని పంపారు. పక్కన పోల్చడానికి మరో వరుస లేదు. అక్టోబరు 11 కావచ్చు, నవంబరు 10 కావచ్చు. ఇలాంటిదాన్ని ఏ సూత్రమూ తేల్చదు. ఆ గడికి పసుపు రంగు వేసి ఉంచి, గ్రంథాలయంలోనే ఉన్న పుస్తకం తీయించి చూసుకున్నాం. నవంబరు 10.

శతాబ్దాల సంగతి మాస్టారితో కూర్చుని తేల్చాల్సి వచ్చింది. ఆయన కొందరికి నాలుగంకెలు రాశారు, కొందరికి రెండే.

"అందరూ పాతవాళ్లే కదా నాయనా, శతాబ్దం ప్రత్యేకంగా రాయడం ఎందుకు?" అన్నారు.

"పాతవాళ్లలోనూ రెండు శతాబ్దాల వాళ్లు ఉన్నారు కదా మాస్టారూ. 16-4-48 అంటే కంప్యూటర్ 1948 అనుకుంటుంది."

"వీరేశలింగంగారినా!" అని నవ్వి, కలం తీసుకున్నారు.

ఇక్కడ అడ్డదారి సూత్రం ఏదీ లేదు. 30కి తక్కువైతే 1900లు, ఎక్కువైతే 1800లు అందామంటే 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి వందేళ్లు వెనక్కు పోతారు. 85 అంటే మాడపాటికి 1885, 99 అంటే బూర్గుల రామకృష్ణారావుకు 1899. రెండంకెల సంవత్సరాలు ఉన్న వరుసలను వడపోసి, మాస్టారు ఒక్కొక్కటీ చెబుతుంటే నేను నాలుగంకెలు వేశాను. చేత్తో వేసిన గడులన్నిటికీ రంగు పెట్టాను, తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి.

ఇక లేని తేదీలు ఉన్నాయేమో చూడాలి. జూన్ 31 లాంటివి టైపు చేసేటప్పుడు తేలిగ్గా దూరుతాయి. దీనికి DATE సూత్రం వాడాలనిపిస్తుంది కానీ సంవత్సరాన్ని ఉన్నదున్నట్టు ఇస్తే అది మోసం చేస్తుంది. 1900 కంటే చిన్న సంవత్సరం ఇస్తే ఎక్సెల్ తప్పని చెప్పదు, దానికి 1900 కలుపుతుంది. కందుకూరిని DATE(1848,4,16) అని ఇస్తే 3748 ఏప్రిల్ 16 వస్తుంది. మనకు రోజు, నెల పొంతన చాలు కాబట్టి, అసలు సంవత్సరం బదులు లీపు సంవత్సరమైన 2000 పెట్టాను.

```
=DAY(DATE(2000,I2,H2))=H2
```

FALSE వచ్చిన వరుసలో తేదీ తప్పు. ఫిబ్రవరి 29 సరైనదేనా అన్నది మాత్రం ఇది చెప్పదు, ఎందుకంటే 2000లో ఆ రోజు ఉంది. మా జాబితాలో ఆ తేదీ ఎవరిదీ కాదు.

వరుసకు తాళంచెవిలా పనిచేసే సంఖ్య ఆఖరున వస్తుంది. నెలను వందతో గుణించి రోజు కలపడమే.

```
K2:  =I2*100+H2
```

ఏప్రిల్ 16 అంటే 416, డిసెంబరు 4 అంటే 1204. ఇవి సంఖ్యలు కాబట్టి 416 తప్పకుండా 1204 కంటే ముందు వస్తుంది. అక్షరాలుగా ఉంటే 1204 ముందుకు దూకేది. Sort లో మొదట K, తర్వాత J, ఆ తర్వాత పేరు అని మూడు మెట్లు పెట్టాను. రెండో మెట్టు అవసరం మే 28 దగ్గర తెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి, ఎన్.టి. రామారావు ఇద్దరిదీ ఆ రోజే, ఇద్దరికీ 528. సంవత్సరం మెట్టు ఉండటం వల్ల 1896 ముందు, 1923 తర్వాత వచ్చాయి. K తర్వాతి మెట్లు లేకపోతే అంతకుముందు షీటు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో వచ్చేవారు, మళ్లీ పేర్చినప్పుడల్లా తారుమారయ్యేవారు.

తేదీలకు నియమాలు దొరికాయి. పేర్లకు అంత సుఖం లేదు.

మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు: గురజాడ అప్పారావు, కట్టమంచి రామలింగారెడ్డి. పుస్తకం అనుబంధంలోనూ అలాగే ఉన్నాయి, ఇంటిపేరు తర్వాత కామాతో: "గురజాడ, అప్పారావు". డల్లాస్ జాబితాలోనూ కామాలున్నాయి, కానీ అక్కడ "రాధాకృష్ణన్, సర్వేపల్లి" అని ఉంది. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకునే ఇంగ్లీషు పద్ధతిలో చేసినది. పుస్తకంలో కామాను తీసేస్తే చాలు, డల్లాస్‌లో కామాకు ఇటు ఉన్నదాన్ని అటు, అటు ఉన్నదాన్ని ఇటు మార్చాలి. మళ్లీ మూలం సంఖ్యే ఆదుకుంది.

```
=IF(B2=2,TRIM(MID(C2,FIND(",",C2)+1,100))&" "&TRIM(LEFT(C2,FIND(",",C2)-1)),TRIM(SUBSTITUTE(C2,","," ")))
```

ఇది "రాధాకృష్ణన్, సర్వేపల్లి"ని సర్వేపల్లి రాధాకృష్ణన్‌గా చేసింది. డల్లాస్ వరుసల్లో కామా లేని ఒకరిద్దరి దగ్గర #VALUE! అని వస్తుంది, అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి చేత్తో సరిచేయవచ్చు. "రావు, గురజాడ అప్పా" అన్నది గురజాడ అప్పా రావు అయింది. అదీ పూర్తిగా సరికాదు. రావు, రెడ్డి లాంటివి ఇంగ్లీషు జాబితాల్లో ఇంటిపేర్లుగా విడిపోతుంటాయి. వాటిని వెనక్కి అతికించాలి: అప్పారావు, నారాయణరెడ్డి. అతికించకపోతే పుస్తకంలోని "అప్పారావు", డల్లాస్‌లోని "అప్పా రావు" కంప్యూటర్ లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులు.

తర్వాత పొడి అక్షరాలు. పేర్చి చూస్తే ఎన్.టి. రామారావు, ఎస్. రాధాకృష్ణన్ ఇద్దరూ ఎ దగ్గర చేరారు. ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో పలికినట్టు రాస్తే ఎన్, ఎస్, ఎం, ఎల్ అన్నీ ఎ కిందికే వస్తాయి. నందమూరి వాళ్లకూ సర్వేపల్లి వాళ్లకూ అక్కడ పనేమిటి? పేరు వరుసలో చుక్క ఉన్నవాటిని వడపోస్తే అన్నీ ఒకచోట దొరికాయి. ఒక్కొక్కరికీ ఇంటిపేరు విప్పి రాశాను: పి.వి. అంటే పాములపర్తి వెంకట, వి.వి. గిరి అంటే వరాహగిరి వెంకట గిరి, సి. నారాయణరెడ్డి అంటే సింగిరెడ్డి.

కానీ గోడ మీద "పాములపర్తి వెంకట నరసింహారావు" అని రాస్తే ఎంతమంది చటుక్కున గుర్తుపడతారు? అక్కడే పేరును రెండుగా చీల్చాను. ఒక వరుసలో గోడ మీద కనిపించే పేరు, జనం పిలిచే రూపంలో. పక్క వరుసలో వరుసకు వాడే పేరు, ఎవరికీ కనిపించనిది. పి.వి. నరసింహారావు గోడ మీద అలాగే ఉంటారు, పేర్చేటప్పుడు మాత్రం పాములపర్తి అని ప దగ్గరకు వెళతారు. బ్రౌన్‌కు కనిపించే పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, వరుసకు బ్రౌన్. ఆయన విషయంలో చివరి మాటే నిజంగా ఇంటిపేరు.

స్త్రీల పేర్ల దగ్గర ఇంటిపేరు నియమాన్ని నేనే సడలించాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌లో దేశ్‌ముఖ్ భర్త వైపు నుంచి వచ్చింది. భానుమతి రామకృష్ణలో రామకృష్ణ భర్త పేరు. వీళ్లను ద దగ్గరా భ దగ్గరా తప్ప ఇంకెక్కడా ఎవరూ వెతకరు. శ్రీశ్రీని కూడా శ్రీరంగం శ్రీనివాసరావుగా విప్పలేదు. ఇంటిపేరు ముందు, కానీ జనం ఇంటిపేరుతో ఎరగని వాళ్లను ఎరిగిన పేరుతోనే అని షీటు పైన ఒక వాక్యం రాసి పెట్టాను. వచ్చే ఏడాది పేర్లు చేర్చేవాళ్లు దాన్ని చదువుకుంటారు.

ఇక కంటికి కనిపించని అక్షరాలు. జంట పేర్లను తీసేయబోతే రాధాకృష్ణన్ రెండుసార్లు మిగిలారు. రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. LEN తో కొలిస్తే "రాధాకృష్ణన్" అన్న మాటకు ఒకచోట 11, ఇంకోచోట 12 వచ్చింది. పొల్లు తర్వాత వచ్చే అక్షరంతో ఒత్తుగా కలిసిపోకుండా తెలుగు టైపింగులో ఒక అదృశ్య గుర్తు వేస్తారు. కొందరికి మాట చివర పొల్లు ఉన్నా దాన్ని వేసే అలవాటు. దానితో పాటు వెబ్ పేజీల నుంచి వచ్చే విడిపోని ఖాళీ కూడా ఉంటుంది, TRIM దాన్ని తాకదు. రెండింటినీ M లో ఉన్న, వరుసకు వాడే పేరులోంచి తీసేశాను.

```
=TRIM(SUBSTITUTE(SUBSTITUTE(M2,UNICHAR(8204),""),UNICHAR(160)," "))
```

కనిపించే పేరులో మాత్రం అదృశ్య గుర్తును తీయకూడదు. తీస్తే దేశ్‌ముఖ్‌లో శకారానికి మకారం ఒత్తుగా వచ్చి పడుతుంది. ఇదీ పేరును రెండు వరుసలుగా ఉంచుకోవడంలో ఒక లాభం.

అంతా అయ్యాక సూత్రాల ఫలితాలను విలువలుగా అతికించి, మధ్యలో ఖాళీ నిలువు వరుస ఏదీ లేకుండా చూసుకుని, పట్టిక మొత్తాన్ని ఎంచుకుని పేర్చాను. ఖాళీ వరుస ఉంటే ఎక్సెల్ అక్కడితో పట్టిక అయిపోయిందనుకుంటుంది, పేర్లు కదులుతాయి కానీ తేదీలు కదలవు. పేర్చక ముందు కొందరిని గుర్తు పెట్టుకుని, పేర్చాక వాళ్ల A సంఖ్యతో మొదటి జాబితాకు వెళ్లి పోల్చి చూశాను. గిడుగు రామమూర్తి ఆగస్టు 29 దగ్గరే ఉన్నారు, గురజాడ సెప్టెంబరు 21 దగ్గరే ఉన్నారు.

అచ్చు వేసే ముందు కాగితం మాస్టారికి చూపించాను. తేదీల భాగం ఒప్పుకున్నారు. అకారాది భాగంలో క దగ్గర వేలు ఆపారు.

"కాశీనాథుని నాగేశ్వరరావుగారికంటే కాళోజీ ముందు ఎలా వస్తాడు? ళ అక్షరం హ తర్వాత కదా!"

ఆయన చెప్పింది నిజమే. మనం నేర్చుకున్న వర్ణమాలలో య ర ల వ శ ష స హ తర్వాతే ళ. యూనికోడ్ పట్టికలో ళ మాత్రం ల పక్కనే కూర్చుంది, వ, శ కంటే ముందు. నా కంప్యూటర్‌లో వరుస కూడా ఆ దారినే వచ్చింది. గదిలో పట్టిక చూసే పిల్లలు చాలామంది ఈ తేడా గమనించరనీ, అలాగే వదిలేద్దామనీ అన్నాను. ఆయన ససేమిరా అన్నారు. ళ గానీ ఱ గానీ ఉన్న పేర్లను వెతికి, వరుస మారేవాటిని మాత్రం చేత్తో జరిపాను. కాళోజీ ఇప్పుడు కాశీనాథుని కింద ఉన్నారు. వరుసకు వాడే పేరు గడి పక్కన "చేత్తో మార్చినది, మళ్లీ Sort చేస్తే ఇది పోతుంది" అని రాసి ఫైలు నిర్వాహకులకు పంపాను.